మెసేజ్‌లో జారిపోయే ‘అండి’



మన రాయవరంలో ఎవరైనా పిలిస్తే ముందు ‘ఆయ్’ అంటాం, ఆ తర్వాతే మాట. మాట చివర ‘అండి’ అనుకోకుండానే వచ్చేస్తుంది. అదే మనం ఫోన్‌లో ఇంగ్లీషు మెసేజ్ పెడితే ఆ ‘అండి’ ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా?

నేను ఇంతకు ముందు పనిచేసిన స్కూల్లో జరిగిన సంగతి చెబుతాను. నాలుగో తరగతి పాప లెక్కల పేపర్ ఇంటికి వెళ్లింది. లోపలి మార్కులు కూడితే 41, పైన వేసింది 37. వాళ్ల నాన్నగారు క్లాస్ టీచర్‌కి వాట్సాప్‌లో ఇలా రాశారు: “మేడమ్, టోటల్ ఈజ్ రాంగ్. ప్లీజ్ చెక్ అండ్ కరెక్ట్ ఇట్.” టీచర్‌గారు “నోటెడ్” అని జవాబిచ్చి, మర్నాడే మార్కులు సరిచేశారు. అయినా తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కి ఆయన రాలేదు. “ఒక్క ముక్కలో తీసిపారేశారని మావారు బాధపడ్డారండి” అని వాళ్ల అమ్మగారు చెప్పారు. టీచర్‌గారు అప్పటిదాకా ఆయనే తనకు ఆర్డర్ వేశారని అనుకుంటున్నారు. నిజానికి ఇద్దరూ మర్యాదగానే రాశామనుకున్నారు.

ఎక్కడ తేడా వచ్చిందంటే, తెలుగులో మర్యాద ఎక్కువగా క్రియ చివర ఉంటుంది. చూడు, చూడండి, చూస్తారా అండీ. మొదటిదాన్నుంచి మూడోదానికి వచ్చేసరికి మాట ఎంత మెత్తబడిందో మీకే తెలుస్తోంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. నువ్వుకీ మీరుకీ ‘యూ’ ఒక్కటే. ఆ నాన్నగారి మనసులో ఉన్నది “ఒకసారి చూస్తారా అండీ” అన్న మాట. ఇంగ్లీషులోకి వచ్చేసరికి తోక తెగిపోయి ‘చెక్’ మాత్రమే మిగిలింది.

ముందు ‘ప్లీజ్’ ఉంది కదా అని మీరు అడగొచ్చు. ‘ప్లీజ్ చెక్’ అన్నా అది ఆజ్ఞే, కాస్త మర్యాదైన ఆజ్ఞ. ఇంగ్లీషులో మెత్తదనం సాధారణంగా ప్రశ్న రూపంలో వస్తుంది: “కుడ్ యూ ప్లీజ్ చెక్?” దానికి తోడు ఎందుకు అడుగుతున్నామో ఒక ముక్క ఉండాలి. “ఐ గాట్ 41 వెన్ ఐ యాడెడ్. కుడ్ యూ ప్లీజ్ చెక్ వన్స్?” అని ఉంటే తప్పు పట్టినట్టు కాకుండా అడిగినట్టు ఉండేది. అలాగే ‘నోటెడ్’ ఆఫీసు ఫైళ్ల మాట. రాసినవారికి అది ‘అలాగేనండి’, చదివినవారికి ‘సరే, ఇక చాలు’.

రాసేటప్పుడే ఇది ఎందుకు తెలియదు? మన మెసేజ్‌ని మనం మన గొంతుతోనే చదువుకుంటాం కాబట్టి. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో విద్యార్థులు కొన్ని వాక్యాలను నిజంగానో, వెటకారంగానో ఈమెయిల్‌లో పంపారు. చదివేవారు నూటికి 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని పంపినవారు అనుకున్నారు. పోల్చుకున్నది 56 సార్లే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తాయి! అదే మాటల్ని గొంతుతో వినిపిస్తే 73 దాకా సరిపోయాయి.

మా వైపు నుంచి వచ్చే మెసేజ్‌ల్లోనూ ఈ చిక్కు ఉంది. “యువర్ వార్డ్ ఈజ్ యాబ్సెంట్ వితౌట్ ఇంటిమేషన్. కైండ్లీ మీట్ ద క్లాస్ టీచర్.” స్కూళ్లలో ఇది మర్యాదైన భాషే. ఇంట్లో చదివితే నోటీసులా ఉంటుంది. “బాబు ఇవాళ రాలేదండి, ఒంట్లో బాగుందా? వీలైనప్పుడు ఒకసారి మాట్లాడదాం” అంటే విషయం అదే, భయం ఉండదు.

పంపే ముందు చిన్న పరీక్ష ఒకటి ఉంది. ఆ మెసేజ్ మీకే, మీకు అంతగా పరిచయం లేనివాళ్ల దగ్గర్నుంచి వచ్చిందనుకుని, ఏ భావమూ పలికించకుండా పైకి చదవండి. గుచ్చుకుంటే ప్రశ్నగా మార్చండి, కారణం ఒకటి చేర్చండి. “బస్ 10 మినిట్స్ లేట్” లాంటి వాటికి ఇదంతా అక్కర్లేదు. మార్కులు, ఫీజు, పిల్లల మధ్య గొడవ లాంటివైతే ఎంత బాగా రాసినా గొంతు వినపడదు, ఫోనే మేలు.

ఇంకో మాట. ఇంగ్లీషు మీడియం స్కూలు కదా అని టీచర్‌కి ఇంగ్లీషులోనే రాయాలని లేదు. నేను ఇంగ్లీషు పాఠం చెప్పే టీచర్నే అయినా, “పాప పేపర్ ఒకసారి చూస్తారా అండీ” అని మీరు తెలుగులో పెడితే అందులో మీ గొంతు నాకు వినపడుతుంది.