ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు

మార్చిలో ఓ మధ్యాహ్నం రెండున్నరకి నాన్న వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. వాన 40%, ఉష్ణోగ్రత 37, ఫీల్స్ లైక్ 43. కింద ఓ ప్రశ్న: "నలభయ్యే గదరా, కప్పాలా వొద్దా?"

పర్చూరు దగ్గర మా కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తడిస్తే రంగు పోయి తాలుకాయల లెక్కలోకి వెళ్తాయి.

నలభై శాతమంటే, ఇలాంటి రోజులు పది వస్తే నాలుగింట్లో మన చోట వాన పడుతుందని. ఎంత పడుతుందో, ఎంతసేపో అందులో లేదు. ఇక ఫీల్స్ లైక్ మనుషుల చెమట లెక్క, కాయలకి దాంతో పనేంటి అనిపిస్తుంది. కానీ 37ని 43 చేసింది ముఖ్యంగా గాలిలో తేమ. చెమట ఆరని గాలిలో కాయా సరిగ్గా ఆరదు. ఇంకో గంట ఉంచినా ఒరిగేది తక్కువే.

రాడార్ బొమ్మలో అద్దంకి అవతల పసుపు మచ్చ, మధ్యలో ఎరుపు. ఎరుపంటే పెద్ద వాన. అది ఎటు పోతోందో మాత్రం ఒక్క బొమ్మ చెప్పదు. అందుకే నా ఫోన్లో అరగంట ముందు బొమ్మ తీశాను. అప్పుడు మా ఊరికి 60 కిలోమీటర్లు, ఇప్పుడు 45. ఈ లెక్కన నాలుగింటికి వస్తుంది. కుప్ప చేసి పట్టా కప్పడానికి గంట చాలు, కానీ మబ్బు ముందువైపు కొత్తగా పుట్టొచ్చు. "ఇప్పుడే మొదలెట్టు నాన్నా" అన్నాను.

మూడూ నలభైకే ఈదురుగాలి వచ్చింది. అప్పటికి పట్టా అంచుల మీద రాళ్ళు పెట్టేశారు. వాన మాత్రం నాలుగు చినుకులే. రాడార్ చూసేది పైనున్న చినుకుల్ని, అవి దారిలోనే ఆవిరైపోవచ్చు.

"ఊరికే కప్పించావు గదరా" అన్నాడు నాన్న.

పదిలో ఆరుసార్లు ఆ మాట పడాల్సిందే.