అమ్మ చీర కంటే ఒక మెట్టు కింద

పెళ్ళికి వెళ్ళేవాళ్ళు ఏం కట్టుకోవాలని ఇంటర్నెట్‌లో వెతికితే మొదట ఎదురయ్యే సలహా, తెలుపు వద్దని. 1840లో విక్టోరియా రాణి తెల్లగౌను వేసుకుని పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల్లో తెలుపు మెల్లగా పెళ్ళికూతురి సొంత రంగయింది. అది వాళ్ళ లెక్క. మన పెళ్ళిలో కూడా తెలుపు వద్దనే అంటాను కానీ, నా కారణం వేరు.

మన పెళ్ళికూతురు ఒక్క రాత్రిలోనే రెండు మూడు చీరలు మారుస్తుంది. గౌరీపూజకి ఒకటి, పీటల మీదకి వచ్చేటప్పుడు ఇంకొకటి. చాలా ఇళ్ళలో జీలకర్ర-బెల్లం అయ్యాక లోపలికి తీసుకెళ్ళి మధుపర్కం కట్టి మళ్ళీ తీసుకొస్తారు. తెల్లటి నేత, ఎర్రంచు, కొన్నిచోట్ల పసుపునీళ్ళలో ముంచి తీసిన లేత పసుపు. పెళ్ళికొడుకుకీ అదే జత. మంగళసూత్రం, తలంబ్రాలు ఆ బట్టల్లోనే. అంటే పట్టుచీరలతో నిండిన మండపంలో అసలు ఘట్టానికి వచ్చేసరికి అన్నిటికంటే సాదాగా ఉండేది ఆ ఇద్దరే. ఆ సమయంలో ముందు వరసలో ఇంకో తెల్లచీర ఎర్రంచు కనబడితే, చూసే కళ్ళకి ఒక్క క్షణం తికమక. మగవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఎర్రంచు తెల్లపంచె ఎంత బావున్నా ఆ రోజుకి అది పెళ్ళికొడుకుది. రంగు లాల్చీ, ప్యాంటు చాలు.

ఇంతవరకూ సులువు. మాఘమాసంలో అనకాపల్లిలో నా స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు నాకు అసలు చిక్కు ఇక్కడ కాదు, వేరేచోట వచ్చింది.

వాళ్ళ నాన్నగారు లేరు. కన్యాదానం బాబాయీ పిన్నీ చేస్తున్నారు. అమ్మ పీటల మీద కూర్చోదు. నాలుగేళ్ళుగా డబ్బు కూడబెట్టి, హాలు మాట్లాడి, వంటవాళ్ళతో బేరమాడి ఈ పెళ్ళి నడిపిస్తున్నది ఆవిడే. కానీ క్రతువులో ఆవిడకి చోటు లేదు. ఇది సరైనదా కాదా అని నా స్నేహితురాలు ఇంట్లో చాలా వాదించింది. చివరికి అమ్మే "ఈ ఒక్క రోజుకి గొడవెందుకమ్మా" అని ముగించేసింది. పెళ్ళికి పదిరోజుల ముందు నేను ఫోన్ చేసి "మీరేం కట్టుకుంటున్నారాంటీ?" అంటే, "నాకేటమ్మా, ఏదో ఒకటి కట్టీసుకుంటాను. నువ్వు మంచిది కట్టుకో" అంది. కూతురు పట్టుబట్టి కొనిపించిన చీర ఫొటో తర్వాత వాట్సాప్‌లో వచ్చింది. గంధం రంగు పట్టు, వేలెడంత సన్నంచు.

ఆ ఫొటో చూశాక నాకు ఒక విషయం స్పష్టమైంది. పెళ్ళికూతురిని మించిపోవడం అతిథి వల్ల అయ్యే పని కాదు. బాసికం, పాపిడి బిల్ల, వడ్డాణం, పూలజడ, మెడలో దండ, వీటన్నిటితో కూర్చున్న మనిషి పక్కన ఎవరెంత ముస్తాబైనా తేలిపోతారు. (వడ్డాణం, పాపిడి బిల్ల లాంటి పెళ్ళికూతురి గుర్తులు మనం పెట్టుకోకపోతే చాలు.) మనం నిజంగా కమ్మేయగలిగేది పెళ్ళికూతురి పక్కన, స్తంభం వారగా నిలబడ్డ మనిషిని. కాబట్టి కొలత పెళ్ళికూతురి చీర కాదు, అమ్మ చీర.

నా దగ్గర మూడు చీరలున్నాయి. మొదటిది మెరూన్ కంచిపట్టు, జానెడు జరీ అంచు. రెండోది పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లాలో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలుతో నేసే చీర. మా సాహిత్య సభల్లో దానికి ఎంత గౌరవమో చెప్పక్కర్లేదు. మూడోది బూడిద కలిసిన ఆకుపచ్చ ఉప్పాడ జాందానీ, చిన్న చిన్న బుటాలు.

మనసు పొందూరు వైపే లాగింది. నిరాడంబరం, పైగా ఉత్తరాంధ్ర నేత. కానీ అది తెలుపు. మధుపర్కం సంగతి అటుంచినా, తోడు పోయిన ఆవిడ ఒకప్పుడు తెలుపే కట్టాలన్న నియమం ఉన్న ఊళ్ళలో, ఆ నియమాన్ని దాటి గంధం రంగు కట్టుకోబోతున్న ఆవిడ ముందుకి నేను తెల్లచీరలో వెళ్ళడం నాకు నచ్చలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మరీ సాదాగా వెళ్ళడం కూడా ఒక రకమైన చిన్నచూపే. నూలుచీరతో వెళితే, "హైదరాబాద్‌లో ఉద్యోగం, మా పెళ్ళికి ఒక పట్టుచీరకి నోచుకోలేదా" అని మనకి వినబడేలా అనరు గానీ, ఇంటివాళ్ళకి వినబడేలా అంటారు. అతిథి ముస్తాబు ఆ ఇంటి పరపతికి కూడా సాక్ష్యం. తగ్గడానికీ ఒక హద్దుంది.

మిగిలినవి రెండు. ఏది ఎక్కువో తేల్చడానికి నేను చేసిన పని ఇది. రెండు చీరలూ తలుపు మీద పక్కపక్కన ఆరేసి, గదిలో పెద్ద లైటు వేసి, పదడుగుల దూరం నుంచి ఫ్లాష్‌తో ఫొటో తీశాను. పెళ్ళిలో వీడియోవాళ్ళ లైటు కింద జరీ ఎలా ఉంటుందో పగటి వెలుతురు చెప్పదు. ఆ ఫొటోని ఆంటీ చీర ఫొటో పక్కన పెట్టి, గోరంత సైజుకి కుదించి చూశాను. కంచి అంచు తప్ప ఇంకేం కనబడలేదు. ఉప్పాడ మాత్రం గంధం రంగు పక్కన ఒద్దికగా ఒదిగిపోయింది.

దీనికి కారణం నేతలోనే ఉంది. కంచిచీర అందం అంచులో, జరీ బరువులో ఉంటుంది, అది దూరానికే మాట్లాడుతుంది. జాందానీలో ప్రతి బుటాకీ విడి పోగు తీసుకుని మగ్గం మీదే చేత్తో పొదుగుతారు. ఆ పనితనం చెయ్యేసి చూసేంత దగ్గరికి వస్తేనే తెలుస్తుంది. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న పెద్దావిడ మన కొంగు వేళ్ళ మధ్య నలిపి చూడకుండా ఉండదు కదా. ఆవిడకి ఇది నాసిరకం కాదని తెలిసిపోతుంది. ఫొటోలో మాత్రం నేను వెనకే ఉంటాను. నాకు కావలసింది సరిగ్గా అదే. నగల్లో ఒక గొలుసు, జుంకాలు. తలలో మల్లెలు, అవి వాళ్ళే ఇస్తారు.

ముహూర్తం రాత్రి రెండు దాటాక. తలంబ్రాలప్పుడు ఆంటీ స్తంభం పక్కనే నిలబడింది. ఫొటోగ్రాఫర్ "అమ్మగారు కొంచెం ముందుకి రండి" అంటే, "నాకెందుకు బాబూ" అని వెనక్కి జరిగింది. నా స్నేహితురాలు దోసిట్లో బియ్యంతోనే తల తిప్పి, "నువ్వు రాకపోతే నేను పొయ్యను" అంది. మేళం ఆగలేదు గానీ పంతులుగారు ఆగారు. ఆంటీ వచ్చి కూతురి వెనక నిలబడింది. పెళ్ళి ఆల్బంలో ఆ ఫొటోలో మూడు రంగులే కొట్టొచ్చినట్టు కనబడతాయి. మధుపర్కాల తెలుపు, వాటి ఎరుపు, వెనక గంధం రంగు. నేనూ అందులో ఉన్నాను. చూపిస్తే తప్ప ఎవరికీ కనబడను.