లాట్ రిలీజ్ షీటు

2025 సెప్టెంబర్ 8, సోమవారం

ఇవాళ కూడా లాట్ రిలీజ్ షీటులో క్వాలిటీ ఇన్‌ఛార్జి గడిలో "ఫర్" అని రాసి సంతకం పెట్టాను. ఆయన మే నెలలో మానేసి వెళ్లిపోయారు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. పని మాత్రం నా టేబుల్ మీదికి వచ్చింది. ఏదైనా తేడా వస్తే పిలిచేది నన్నే. జీతం కాగితంలో నేనింకా గ్రేడింగ్ సూపర్‌వైజర్నే.

అడగాలి. ఏమని? "ఇన్నేళ్లుగా ఉన్నాను సార్" అంటే, ఉన్నవాళ్లు చాలామందే. "కష్టపడుతున్నాను" అంటే... పొద్దుటినుంచీ ఐసులో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే ఆడవాళ్లకంటేనా?

సెప్టెంబర్ 14, ఆదివారం

మా ఆయన అన్నారు, "ఇప్పుడా అడిగేది? చూస్తున్నావుగా." చూస్తూనే ఉన్నాను. ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం. రొయ్యకైతే యాంటీ డంపింగ్ అదనం. భీమవరంలో ఏ టీ కొట్టు దగ్గర ఆగినా ఇదే మాట. మా దగ్గర కంటైనర్లు తగ్గాయి.

కానీ చెకింగ్ తగ్గలేదే. పెరిగింది. అమెరికా కాకుండా వేరే దేశాలు వెతుకుతున్నారు, ఒక్కో బయ్యర్‌ది ఒక్కో కొలత. యూరప్ కొత్తగా 102 యూనిట్లకు అనుమతి ఇచ్చిందని పేపర్లో వచ్చింది. అక్కడికి పంపాలంటే ముందు అడిగేవి యాంటీబయోటిక్ టెస్టు కాగితాలు. చెరువు పట్టుబడికి ముందు ఎంపెడా ఎలీసా ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ దగ్గర్నుంచి కార్టన్ మీద లాట్ నంబరు దాకా ఒకదానికొకటి కలవాలి. ఆ ఫైళ్లు కలుపుతున్నది ఎవరు?

పని, డబ్బు రెండూ ఒకే ఊపిరిలో అడిగితే డబ్బు మాటే వినపడుతుంది. "ఇప్పుడు కుదరదు" అనేస్తారు, పని సంగతి కూడా దాంతోనే పోతుంది. ముందు పని. డబ్బు తర్వాత.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మేనేజరుగారికి ఇచ్చే కాగితం కోసం షిఫ్టు అయ్యాక ఈల్డు రిజిస్టరు ముందేసుకున్నా. తల ఉన్న రొయ్య 100 కేజీలు టేబుల్ మీద పెడితే తల తీశాక ఎంత మిగిలిందనేది లెక్క. వనామికి అటూ ఇటూగా 65.

మొదట నెలల సగటు తీశాను. ఏప్రిల్ కంటే ఆగస్టు బాగుంది. కొట్టేశాను. ఏప్రిల్‌లో వచ్చిన సరుకు వేరు, ఆగస్టులో వచ్చింది వేరు. కౌంటు మారితే ఈల్డు కూడా మారుతుంది. మేనేజరుగారు పీలింగ్ షెడ్డు నుంచి పైకి వచ్చిన మనిషి. ఒక్క చూపులో పట్టేస్తారు. ఒక్క అంకె అబద్ధంగా తేలితే మిగతా కాగితం ఎవరు చదువుతారు?

అందుకని 40 కౌంటు లాట్లే తీసుకున్నా. అందులో సాఫ్ట్ రొయ్య వచ్చినవి తీసేశా. రాత్రంతా ఐసు నీళ్లలో ఉండిపోయినవీ తీసేశా. రొయ్య నీళ్లు తాగితే తూకం పెరుగుతుంది, అది ఎవరి పనితనమూ కాదు. నీళ్లు ఓడ్చి తూచినవే ఉంచాను. పేజీ నిండా ఉన్న లాట్లు సగం కూడా మిగల్లేదు. పర్లేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

జూన్ మధ్యలో తలలు తీసే ఆడవాళ్లకి టేబుల్ దగ్గర నిలబడి చూపించాను. తలని పట్టుకుని లాగేయకూడదు. బొటనవేలు గుల్ల కిందికి పోనిచ్చి, పైకెత్తి, అప్పుడు తీయాలి. లాగితే మెడ దగ్గరి కండ తలతోపాటే పోతుంది. అప్పట్లో తలల టబ్బులో చెయ్యి పెట్టి పైకి తీస్తే, ప్రతి గుప్పెట్లో తెల్లగా ముక్కలు కనపడేవి.

వాళ్లకి తొందర, కేజీల మీద కూలి కదా. పెద్దావిడ ఒకావిడ అడిగింది, "కూలి తల తీసిన రొయ్య తూకం మీదేగా అమ్మాయ్? అయితే ఆ మెడ ముక్క మన డబ్బే." నేను చెప్పినదానికంటే ఆవిడ మాటే టేబుల్ అంతా పాకింది. కాగితంలో ఆవిడ సంగతి కూడా రాస్తాను.

ఇంకో చిక్కు ఉంది. చెరువు గట్టు మీద ఐసు పెంచారు, జూలైలో. అది కొనుగోలు వాళ్ల పని. ఆగస్టు ఈల్డులో వాళ్ల వాటా ఉంది, అదంతా నాదని రాయలేను. జూన్ మధ్య నుంచి ఐసు పెంచేలోపు వచ్చిన లాట్లు మాత్రమే విడిగా తీశాను. నేర్పకముందు 64.3. నేర్పాక 64.9.

తేడా 0.6. చిన్నగా కనపడుతోంది. కానీ రోజుకి 10 టన్నులు నడిస్తే 60 కేజీలు. తలలతోపాటు వెళ్లిపోయే 60 కేజీల రొయ్య.

రిజిస్టరు ఫొటోలు తియ్యలేదు. బయ్యర్ల పేర్లు రాసుకోలేదు. నా నోట్‌బుక్కులో నా లెక్కలే. అడిగితే రిజిస్టరు ఆఫీసులోనే ఉంది, తేదీలు చూపిస్తాను.

సెప్టెంబర్ 27, శనివారం

జూలైలో ఆ రాత్రి సంగతి రాయాలా వద్దా?

లోడింగ్‌కి కంటైనర్ వచ్చి నిలబడింది. బ్లాకు మధ్యలో డ్రిల్లుతో రంధ్రం చేసి ప్రోబు పెట్టాను. మైనస్ 14 దగ్గర ఆగిపోయింది. ఇంకో బ్లాకు. అంతే. మైనస్ 18 కి దిగాలి. లోడింగ్ ఆపించాను. డ్రైవరు విసుక్కున్నాడు, లోడింగ్ మేస్త్రీ విసుక్కున్నాడు, ఫోన్లో మేనేజరుగారు కూడా. తెల్లవారుజామున మైనస్ 19 చూశాకే వదిలాను.

రాస్తాను. కానీ "కంటైనర్ కాపాడాను" అని రాయను. ఆపకపోతే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? తేదీ, రీడింగు, నేనేం చేశాను, తర్వాతి రీడింగు. అంతవరకే నాకు తెలుసు.

అక్టోబర్ 4, శనివారం

దసరా అయింది. కాగితం ఒక్క పేజీకి వచ్చింది. మా ఆయనకి చదవమని ఇచ్చాను. ఒక వాక్యం దగ్గర ఆగారు. ప్యాకింగ్ సెక్షన్లో నా తర్వాత చేరినాయనకి పోయినేడే పోస్టు మార్చారు, ఆ సంగతి. "ఇది చదవగానే ఆయన గురించే మాట్లాడతారు. నీ గురించి కాదు."

నిజమే. తీసేశాను. తీశాక మనసులో ఇంకా మండుతూనే ఉంది. అది అక్కడికి తీసుకెళ్లకూడదు.

రాత్రి గిన్నెలు తోముతూ మొదటి మాట పైకి అనుకుని చూశాను. గొంతు సన్నబడిపోతోంది. మళ్లీ. ఇంకాస్త నెమ్మదిగా.

అక్టోబర్ 17, శుక్రవారం

మెసేజి పెట్టాను. "సార్, మే నుంచి నేను చూస్తున్న క్వాలిటీ పని గురించి, నా పోస్టు గురించి మీతో ఓ అరగంట మాట్లాడాలి. ఒక పేజీ రాసుకున్నాను, ముందే ఇస్తాను. స్టఫింగ్ లేని రోజు ఏదైనా చెప్పండి."

ఏ విషయమో చెప్పకుండా "మాట్లాడాలి" అంటే మానేస్తున్నాననుకుంటారు. అలా భయపెట్టి అడగడం నాకిష్టం లేదు.

సాయంత్రం జవాబు. 28, మంగళవారం.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుపాను. మీటింగు ఊసే లేదు. నిన్నటినుంచీ పట్టుబడులు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, అందుకని కౌంటు రాకపోయినా రైతులు పట్టేస్తున్నారు. చిన్న రొయ్య. ఎవరికీ మిగిలేది లేదు. ఒక రైతు క్రేటులో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

ఈ రాత్రికి నర్సాపురం వైపే తీరం దాటుతుందంటున్నారు. గాలి పెరుగుతోంది. ఆడవాళ్ల బస్సులు మధ్యాహ్నమే పంపేశాం. ఆ పెద్దావిడ ఇంటికి చేరిందో లేదో. ఫోను కలవట్లేదు.

నవంబర్ 6, గురువారం

అయింది.

మేనేజరుగారు కాగితం చదివేదాకా నేనేం మాట్లాడలేదు. అదే అన్నిటికంటే కష్టం. ఆ నిశ్శబ్దంలోకి ఏదో ఒకటి చెప్పేయాలనిపిస్తుంది.

"ఇది సుంకాల టైమమ్మా. ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు."

"తెలుసు సార్. జీతం మాట చివర్లో అడుగుతాను. ముందు పని మాట."

పెన్సిల్‌తో 0.6 చుట్టూ గీశారు. "ఇది ఐసు వల్ల వచ్చింది కదూ?"

"ఐసు పెంచింది జూలైలో సార్. ఈ లాట్లు అంతకుముందువి. తేదీలు పక్కనే ఉన్నాయి."

చాలాసేపు చూశారు. రూపాయల్లో ఎంతని అడిగారు. రేటు వారానికోలా ఉంది, నేను వేస్తే అది ఊహే అవుతుంది. "కేజీలు నావి సార్, రేటు మీరు వేసుకోండి" అన్నాను. క్యాలిక్యులేటర్ తీశారు. అంకె నాకు చూపించలేదు.

జూలై రాత్రి దగ్గరికి వచ్చారు. "ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది."

"రీడింగు షీటు ఫైల్లో ఉంది సార్." ఇంకేం అనలేదు.

అప్పుడు అడిగాను. క్వాలిటీ ఇన్‌ఛార్జిగా లెటరు. లాట్ ఆపే అధికారం అందులో రాతగా. జీతం ఇప్పుడు కుదరకపోతే ఏప్రిల్‌లో చూస్తామన్న మాట, అదీ రాతలో.

"హెడ్డాఫీసు ఒప్పుకోవాలి."

"ఎప్పటికి తెలుస్తుంది సార్? ఆ రోజు వచ్చి అడుగుతాను."

క్యాలెండర్ చూసి, 20 అన్నారు.

రాత్రే మెయిల్ పెట్టాను. మాట్లాడుకున్నవి ఉన్నవి ఉన్నట్టు, ఆయన చెప్పిన తేదీతో సహా. "నేను ఏదైనా తప్పుగా రాసి ఉంటే చెప్పండి సార్" అని చివర్లో. ఒక్క మాట జవాబు వచ్చింది: సరే.

నవంబర్ 20, గురువారం

వెళ్లాను. ఇంకా రాలేదన్నారు. మళ్లీ ఎప్పుడని అడిగాను. సోమవారం. విసుక్కోలేదు. నేనూ విసుక్కోలేదు. బయటికి వచ్చాక చేతులు వణికాయి.

పెద్దావిడ ఇవాళ తిరిగి పనిలోకి వచ్చింది. ఇంటి కప్పు ఎగిరిపోయిందట. పిల్లలు క్షేమం.

నవంబర్ 24, సోమవారం

లెటరు ఇచ్చారు. క్వాలిటీ ఇన్‌ఛార్జి. కొలతలకి రాని లాట్ ఆపే అధికారం ఉంది, రెండో పేరాలో. జీతం ఏప్రిల్ రివ్యూలో అని ఉంది, ఎంతన్నది లేదు. తలలు తీసే టేబుల్‌కి మెరుగుదల బోనస్ అడిగాను, కాగితంలో చివరి లైను అది. దాని మీద ఒక్క ముక్క లేదు.

అది వదలను. ఏప్రిల్‌కి కొత్త పేజీ. ఐసు పెంచాక వచ్చిన 40 కౌంటు లాట్లు రేపటినుంచే విడిగా రాయాలి.