వనజంగి ఫొటోలకు ఒక్క ముక్క

పాడేరు దగ్గరి వనజంగి కొండకు శని, ఆదివారాల్లో విశాఖ కాలేజీ పిల్లలు గుంపులుగా వెళ్తారు. చలికాలపు రాత్రుల్లో నేల చల్లబడి, బరువైన చల్లగాలి లోయలోకి జారుతుంది. అందులోని తేమ చిక్కబడి కొండ భుజాల దాకా తెల్లగా నిలుస్తుంది. పైకెక్కినవాళ్లకు అది కాళ్ల కింద సముద్రంలా కనిపిస్తుంది. ఎండ ముదిరితే విడిపోతుంది కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. ఒక్కోసారి పొగమంచు శిఖరాన్నే కమ్మేస్తుంది. అప్పుడు ఫొటోల్లో పక్కవాడి టోపీ తప్ప ఏమీ ఉండదు.

మా గుంపు ఎక్కిన రోజు సముద్రం కనిపించింది. దిగేసరికి ఫోన్లు నిండిపోయాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టుకు 20 ఫొటోల దాకా పెట్టొచ్చు. అన్నింటి కిందా ఉండేది మాత్రం ఒకే వ్యాఖ్య. దానికి 2,200 అక్షరాల దాకా చోటున్నా, ఫీడ్‌లో తెరవకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. పైగా తెలుగులో గుణింతమూ ఒత్తూ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘సూర్యుడు’ కంటికి మూడక్షరాలే, యంత్రం లెక్కలో ఎనిమిది. అందుకే చమత్కారం ఆ మొదటి వరుసల్లోనే పడాలి.

మొదట అందరికీ తట్టింది ‘మేఘాల సముద్రంలో మేము’. ఇది చప్పగా ఉంటుంది, ఎందుకంటే ఫొటో చెప్పిందే మళ్లీ చెబుతుంది. ఫొటోలో లేనిది ఏమిటని వెతికితే దొరికింది నిద్ర. వారమంతా తొమ్మిదింటి క్లాసుకు లేవనివాళ్లు ఆదివారం మూడింటికి సెల్‌ టార్చి వెలుగులో రాళ్లెక్కారు. దాన్ని కుదిస్తే ఇలా వచ్చింది: ‘తొమ్మిదింటి క్లాసుకు లేవనోళ్లం మూడింటికే లేచాం. హాజరు వేసింది సూర్యుడు.’

యంత్రం లెక్కలోనూ ఇది డెబ్బై పైచిలుకే. నవ్వు ‘హాజరు’ దగ్గర పుడుతుంది. సూర్యుడు చివర రావడమూ ముఖ్యమే. ‘సూర్యుడు హాజరు వేశాడు’ అని తిప్పితే గుట్టు ముందే బయటపడుతుంది. ‘లేవనోళ్లం’ బదులు ‘లేవనివాళ్లం’ అంటే తప్పు కాదు గానీ, హాస్టల్ వరండా వాసన పోతుంది.

వ్యాఖ్యను బట్టి ఫొటోల వరుసా మారింది. మేఘాలది ముందు పెడితే నిద్ర మాట అతకదు. అందుకని కళ్లు సగం మూసుకుని, దుప్పటి కప్పుకుని జీపు పక్కన నిలబడ్డ గుంపు ఫొటో మొదటికి వచ్చింది. మేఘాల ఫొటో మూడోదయింది, బొంగు చికెన్ చివరికి వెళ్లింది. జారిపడ్డ మిత్రుడి మీద రాసిన జోకు మాత్రం కొట్టేయాల్సి వచ్చింది. అది పడినప్పుడు చూసినవాళ్లకే నవ్వు, మిగతావాళ్లకు ‘పాపం, దెబ్బ తగిలిందా?’ అనే ప్రశ్న. అలాంటిది గుంపు వాట్సాప్‌లో పెట్టుకుంటే సరిపోతుంది, అదీ పడినవాడు ఒప్పుకుంటేనే.