కర్త లేని వాక్యం

ఆ సోమవారం సాయంత్రం ఆరు గంటలకు ఢిల్లీలోని ఒక ప్రచురణ సంస్థకు నేను పంపవలసిన అనువాదం పూర్తి కాలేదు. బాలింతల ఆరోగ్యాన్ని గురించిన చిన్న పుస్తకమది; మొత్తం 14,000 మాటలు. రోజుకు 2,000 చొప్పున ఏడు రోజులు, సరిచూచుకోవడానికి రెండు రోజులు, వెరసి తొమ్మిది రోజులని లెక్కగట్టి ఒప్పుకున్నది నేనే. మధ్యలో మరొకరి పనికి ఆశపడి రెండు రోజులు దానికిచ్చాను. గడువు నాటికి 3,000 మాటలు మిగిలిపోయాయి.

రాత్రి ఈమెయిలు వ్రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతిలో ‘క్షమించండి’ అన్న మాట ఐదుసార్లు దొర్లింది. మీకు ముఖం చూపలేకపోతున్నానని కూడా వ్రాశాను. తిరిగి చదివితే నాకే ఎబ్బెట్టుగా తోచింది. ఆ సంపాదకురాలు తన ముద్రణ సంగతి ప్రక్కనబెట్టి ముందు నన్ను ఓదార్చాలన్నమాట! ఆమెకు కావలసిన తేదీ మాత్రం అందులో ఎక్కడా లేదు.

దానిని తుడిచివేసి రెండవది వ్రాశాను. మూలంలోని వైద్య పదాలు కఠినంగా ఉన్నాయనీ, అనివార్య కారణాలవల్ల ఆలస్యం జరిగిందనీ అందులో సారాంశం. పదాలు కఠినమైన మాట నిజమే. కాని ఆలస్యానికి కారణం అది కాదు. ‘ఆలస్యం జరిగింది’ అన్న వాక్యంలో చేసినవాళ్ళెవరూ కనిపించరు. ఇంగ్లీషు సాహిత్యం చదివి, వాక్యాలతోనే జీవనం సాగిస్తున్న నాకు ఆ చాటు తెలియనిది కాదు. దానినీ తుడిచివేశాను.

మూడవది ఇలా వచ్చింది:

“ఈ సాయంత్రం ఇవ్వవలసిన అనువాదాన్ని నేను పూర్తి చేయలేదు. మధ్యలో మరొక పని ఒప్పుకుని నా సమయాన్ని తప్పుగా అంచనా వేశాను. ఇందువల్ల మీ ముద్రణకు కలిగే ఇబ్బందికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. సరిచూచిన 11,000 మాటలు దీనితో జతచేశాను. పుటల అమరిక వీటితో మొదలుపెట్టవచ్చు. మిగిలినవి గురువారం ఉదయం 11 గంటలకు పంపుతాను. ఆ సమయం మీకు కుదరకపోతే, ముందుగా ఏ అధ్యాయం కావాలో తెలుపగోరుతాను.”

క్షమాపణ ఒక్కసారే, అదీ ఆమెకు కలిగిన నష్టానికి. కారణం ఒక్క వాక్యం. దాని కర్త నేను. బుధవారమని వ్రాయాలని చేయి తొందరపడింది. కాని మిగిలిన పనికి ఒకటిన్నర రోజు, సరిచూడటానికి ఒక పూట కావాలి. రెండవ గడువు కూడా తప్పితే ఇక ఏ ఉత్తరమూ పనికిరాదు.

మర్నాడు ఉదయం జవాబు వచ్చింది. “గురువారం సరే. శనివారమే చెప్పి ఉంటే ప్రెస్సువారిని రెండు రోజులు ఆగమనేదాన్ని.”

నిజమే. పని మిగిలిపోతుందని శనివారం నాటికే నాకు తెలుసు. గడువు తప్పడం ఒక తప్పు. తెలిసి రెండు రోజులు మౌనంగా ఉండటం మరొకటి. నా ఉత్తరం మొదటి తప్పునే ఒప్పుకున్నది. రెండవదానికి ఒక్క వాక్యం జవాబు వ్రాశాను: “అవును, శనివారమే చెప్పవలసింది.” గురువారం పదిన్నరకు మిగిలిన పుటలు పంపాను.