తాతకొచ్చిన ఉత్తరం

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మొదట తప్పించుకు తిరిగాను. రసాయనశాస్త్రం చదివేవాణ్ణి, రికార్డు పుస్తకం తప్ప మరేమీ రాసి ఎరుగను. చివరికి కిందటి సంక్రాంతి సెలవుల్లో నేను ఒక పెద్దాయనకు చదివి వినిపించిన ఉత్తరం గుర్తుకొచ్చింది. ఉత్తరం రాసినావిణ్ణీ, అందుకున్నాయన్నీ అడిగే ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు. అందుకే పేర్లు లేవు.

మాది సీతంపేట కొండల కింద చిన్న రైతు కుటుంబం. ఊడ్పులకీ కోతలకీ పైనున్న సవర గూడెం నుంచి మనుషులు దిగివస్తారు. ఆ గూడెం పెద్దను చిన్నప్పట్నుంచీ తాతా అనే పిలుస్తాను. ఆయనకు తెలుగు బాగా వచ్చు, చదవడం రాదు. పండగ మర్నాడు అనాసపళ్ల బుట్టతో వచ్చి, చొక్కా జేబులోంచి మడత కాగితాలు తీసి, "సదువు బాబూ. మా భాష నేర్సుకోడానికొచ్చిన అమ్మ రాసింది" అన్నాడు.

ఆవిడ భాషాశాస్త్రవేత్త. సవర మాటలూ, పాటలూ, కథలూ రికార్డు చేసి ఆర్కైవులో పెట్టాలని ఆవిడ కోరిక. పని మొదలుపెట్టేముందే నాలుగు పేజీలు తెలుగులో రాసింది. "దీన్ని ఒకరిచేత చదివించుకోండి. మీ మనవరాలిచేత సవరలో ఆడవాళ్లకూ చెప్పించండి. ఆ రోజే జవాబు చెప్పకండి. అందరూ వెంటనే సరే అంటే నేను సరిగా చెప్పలేదని అనుకుంటాను" అని మొదటి పేజీలోనే ఉంది.

ఆర్కైవంటే ఏమిటో చెప్పడానికి గాదెను పోలిక తెచ్చింది. గాదెలో ధాన్యం దాచినట్టు గొంతులు దాస్తారు. ఈ గాదె మొదట లండన్‌లో ఉండేదట, 2021లో బెర్లిన్‌కు మారింది. ఊరు మారినా, నడిపేవాళ్లు మారినా, మీరు పెట్టిన షరతు కాగితం దానితోపాటు వెళ్లాలి అని రాసింది. నేను రైతు బిడ్డను కదా, పోలిక దగ్గర ఆగాను. గాదెలోంచి తీస్తే తరుగుతుంది, ఇందులోంచి ఎంతమంది తీసుకున్నా తరగదు. చిక్కల్లా అక్కడే ఉందని తరువాతి పేజీలో ఆవిడే చెప్పింది. "వద్దనిపిస్తే ఎప్పుడైనా చెప్పండి, తీయిస్తాను. కాని అప్పటికే ఎవరైనా దింపుకుని ఉంటే వాళ్ల దగ్గరిది నేను వెనక్కి తేలేను. తేగలనని మాటిస్తే అబద్ధమవుతుంది."

ఆ వాక్యం చదువుతుంటే నా గొంతు తగ్గింది. ఎందుకో తాతకు అప్పటికి తెలియదు.

ఉత్తరంలో ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రికార్డు చేయడానికి ఒప్పుకోవడం వేరు, దాచడానికి ఒప్పుకోవడం వేరు, ఎవరు వినవచ్చో చెప్పడం వేరు. మూడూ విడివిడిగా అడుగుతానంది. వినేవాళ్లు మూడు రకాలు: అందరూ, ఆర్కైవులో పేరు నమోదు చేసుకున్నవాళ్లు, ఒక్కొక్కరూ అడిగితే మీరు సరేనన్నవాళ్లు మాత్రమే. కూర్చుని మాట్లాడిన రోజుకు కూలి ఇస్తాను, దాచవద్దన్నా ఆ కూలి ఇస్తాను అని కూడా రాసింది. డబ్బుకోసం ఔనన్నారో మనసుతో అన్నారో తెలియాలంటే ఆ రెంటికీ ముడి ఉండకూడదట.

"గిడుగు రామమూర్తి పంతులుగారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. పుస్తకంలో మాట ఉంటుంది, మనిషి ఉండడు. గొంతు అలా కాదు. పేరు తీసేసినా, వినగానే ఫలానావాళ్లని పక్క గూడెంవాళ్లు పోల్చుకుంటారు" అని రాసింది. అందుకని వెనకాల ఎవరైనా ఇంటి గొడవ మాట్లాడితే ఆ ముక్క కత్తిరిస్తానంది.

హక్కుల పేజీ నాకూ కొత్తే. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగుపై హక్కు దాన్ని చేయించినవారిది. పాడినవారికి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. అది ఇప్పుడు 50 ఏళ్లు. కాని ఎవరు కట్టారో తెలియని, గూడెమంతటిదీ అయిన పాటకు యజమానిగా ఆ చట్టం గూడేన్ని గుర్తించదు. "చట్టం ప్రకారం చూస్తే నాకే ఎక్కువ దక్కుతుంది. అది న్యాయం కాదు కనుకనే వేరే కాగితం రాసుకుందాం" అంది. వేలిముద్ర మీదే ఆధారపడకుండా, మీకు అర్థమైంది మీ మాటల్లో సవరలో చెప్పండి, దాన్నే రికార్డు చేస్తాను అని కూడా ఉంది.

తాత రెండుసార్లు చదివించుకున్నాడు. తరువాత వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. విత్తనాల పేర్లు, పోడు పనుల మాటలు అందరూ వినొచ్చు, గూడెం పేరు వేయాలి. పండగ పాటలూ అంతే. సరిహద్దు తగాదా కథ అసలు దాచొద్దు, అవతలివాళ్ల మనవలు ఇంకా బతికే ఉన్నారు. చనిపోయినవాళ్లు ఒకామె నోట పలికే మాటల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు, రికార్డు చేస్తే మిగులుతుంది కదా అన్నాను.

"అది పాట కాదు బాబూ. వచ్చినోళ్ల మాట. ఆమె ఒప్పుకుంటే సాలదు. పోయినోళ్లని ఎవరడుగుతారు?"

ఇక దాచలేకపోయాను. అంతకు ముందటేడు తాత తమ్ముడి కర్మకు నాన్నతో వెళ్లినప్పుడు, ఆమె పలుకుతుండగా రెండు నిమిషాలు ఫోనులో పట్టాను. ఎవరినీ అడగలేదు. హాస్టల్లో మిత్రులకు పంపాను, ఇంటర్నెట్‌లో పెట్టాను. ఎవరో దానికి సినిమా దరువు కలిపి మళ్లీ పెట్టారు. నాది తీసేశాను. దరువు కలిపింది ఇంకా తిరుగుతూనే ఉంది. ఇదంతా తాతకు చెప్పాను.

తాత చాలాసేపు మాట్లాడలేదు. "మా తమ్ముడేటన్నాడు అందులో?" అని అడిగాడు. నాకు తెలియదు. సవర రాదు. తెలియని మాటను అంతమందికి పంచానన్నమాట. నా దగ్గర మిగిలిన ప్రతిని ఆయన చేతిలో పెట్టాను. వినలేదు. "ఆడి కూతురికి ఇయ్యి. అది సెప్పాల" అన్నాడు. మర్నాడు కొండెక్కి ఇచ్చాను. ఆమె తలుపు వేసుకుని విని, బయటికొచ్చి తుడిచేయమంది. ఆమె ఎదుటే తుడిచేశాను.

ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంది: "మీ తరువాత ఎవరైనా వినడానికి అనుమతి అడిగితే ఎవరిని అడగాలి?" తాత తన మనవరాలి పేరూ, తమ్ముడి కూతురి పేరూ చెప్పాడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అని రాయమన్నాడు. చనిపోయినవాళ్ల మాటలు మాత్రం రికార్డే చేయొద్దని చెప్పించాడు. ఆవిడకు ఆ జవాబు నా చేత్తోనే రాశాను. వారానికి ఆవిడ దగ్గర్నుంచి చిన్న ఉత్తరం వచ్చింది: "అలాగే. విత్తనాలతో మొదలుపెడదాం."

దరువు కలిపిన ప్రతి ఎక్కడైనా కనిపిస్తే తీసేయమని అడుగుతూనే ఉన్నాను. మొన్న మరొకటి కనిపించింది. మన కాలేజీలో ఎవరి ఫోనులోనైనా అది ఉంటే, దయచేసి తుడిచేయండి.