పంపకముందు మూడుసార్లు రాసిన మెసేజ్

నా చిన్ననాటి స్నేహితుడు మాచర్లలో ఉంటాడు. వెల్దుర్తి వస్తానని ఈ నెలలో మూడుసార్లు మాటిచ్చి, మూడుసార్లూ మానేశాడు. మూడోసారి ఇంట్లో కోడికూర వండించాక, మధ్యాహ్నం "ఈరోజు కుదరదురా" అన్నాడు.

కోపంలో ఇలా రాశాను: "నువ్వెప్పుడూ ఇంతే. నేనంటే నీకు లెక్కలేదు." పంపబోయి ఆగాను. "ఎప్పుడూ" అన్నది నిజం కాదు. నా తండ్రి పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చింది వాడే. లెక్కలేదన్నది నా ఊహ. వాడి మనసులో ఏముందో నాకు తెలియదు.

అది చెరిపేసి "పర్లేదులేరా" అని రాశాను. అదీ అబద్ధమే. నాకు బాధగానే ఉంది.

చివరికి జరిగింది, నాకనిపించింది మాత్రమే రాశాను: "ఒరేయ్, మూడుసార్లు అనుకున్నాం, మూడుసార్లూ ఆగిపోయింది. మొన్న అన్నం పెట్టుకుని నీ కోసం చూశాను. రావని తెలిసి మనసు నొచ్చుకుంది. నీకేమైనా ఇబ్బందిగా ఉందా? రాలేకపోతే ముందురోజే చెప్పు, నేనే మాచర్ల వస్తాను."

పౌలు ప్రయాణం మార్చుకున్నప్పుడు కొరింథీయులూ నొచ్చుకున్నారు. ఆయన రాకపోవడానికి కారణం ఉందని రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో చూస్తాం. అది గుర్తొచ్చే ఆ ప్రశ్న చేర్చాను.

రాత్రి వాడే ఫోన్ చేశాడు. మిరప తోటకు తెచ్చిన అప్పు తీరలేదట, నా ముందుకు రావడానికి మొహం చెల్లలేదట. ఆదివారం ఆరాధన అయ్యాక నేనే మాచర్ల బస్సెక్కుతున్నాను.